మల్లా సచ్చే తోలు

లందల తోలు ఊని చెప్పులు కుట్టిన మా పెద్దయ్యతో నలభై నిమిషాలు మాట్లాడి రికార్డు చేసిన. రాయాల్సింది ఒక్క పేజీ. ముందు ఫోన్ ఆపుకుంట ఆపుకుంట, నా ప్రశ్నలతో సహా విన్నది విన్నట్టే రాసుకున్న. తర్వాత ఆయన తప్ప ఇంకెవరూ అట్ల చెప్పలేని మాటల కింద గీత గీసిన. అందులో ఒకటి:

"సున్నం సాలకుంటే ఎంటిక ఊడది. ఎక్కువైతే తోలు మల్లా సస్తది."

దీన్ని "చర్మం నాణ్యత దెబ్బతింటుంది" అని దిద్దొచ్చు. సమాచారం ఉంటది, పెద్దయ్య ఉండడు. బర్రె ఒకసారి సచ్చింది, పని రాని చెయ్యి దాని తోలును రెండోసారి సంపుతదని ఆయన లెక్క.

అందుకే కోసిన గానీ దిద్దలే. మళ్లీ మళ్లీ చెప్పినవి తీసేసిన. సున్నం మాట మొదట్ల, తంగెడు చెక్క మాట చివర్ల వచ్చినయి. పని వరుసల పక్కపక్కన పెట్టిన. రెంటినీ ఒకే కొటేషన్‌ల అతకకుండ మధ్యల నా వాక్యం రాసిన. లంద అంటే తోలు నానబెట్టే తొట్టి అని చెప్పింది కూడా నా వాక్యంలనే.

ఆఖరికి ఆయనకు చదివి వినిపించిన. ఒక్కకాడ ఆపిండు. "ఆ దొర తిట్టిన సంగతి తియ్యి బిడ్డా. నా కొడుకు ఈ ఊర్లనే బతకాలె."

తీసేసిన. రికార్డింగు మాత్రం మొత్తం ఆయన కొడుకు ఫోన్‌లకు పంపిన.