ఆనపకాయా, అనపకాయా?

మా చెల్లి పెళ్లి మాఘమాసంలో. అంతకు వారం ముందు వియ్యాలవారు రాజమండ్రి నుంచి కోలారుకు, మా ఇంటికి రాత్రి భోజనానికి వచ్చినారు. పిల్లవాడి అమ్మానాన్నలు తప్ప తక్కినవాళ్లు మమ్మల్ని చూడడం అదే మొదలు. నాలుగు మాటలు చెప్పి వాళ్లను ఆహ్వానించే పని అన్నదమ్ములం మా మీద పడింది.

బిగుసుకుపోతారని మాకు భయం వేసింది వచ్చేవాళ్ల గురించి కాదు, మా వాళ్ల గురించే. "ఉండారు, వస్తా ఉండారు" అనే మా తెలుగు విని గోదావరివాళ్లు నవ్వుతారేమోనని మా పెద్దమ్మలు, అత్తలు నోరు విప్పరు. లేదా కన్నడలోకి దూకేస్తారు.

మావి కన్నడ మీడియం చదువులు. అందుకే తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసుకున్నాం. ఆఫీసులో చేసేది టెస్టింగ్ పని కదా, ఆ అలవాటు కొద్దీ ముందుగా అవ్వకు చదివి వినిపించినాం. ఆరు నిమిషాలు పట్టింది. అందులో తాతల నాటి వలస, బంగారు గనుల కథ అన్నీ ఉండాయి. "ఆకలిమీద వచ్చినోళ్లకు వంశం కథ ఎందుకురా?" అనింది అవ్వ. అదంతా కొట్టేసి రెండు నిమిషాలకు తెచ్చినాం. పిల్లవాడి ఉద్యోగం పొగడడం కూడా తీసేసినాం. అది వింటే సంబంధం లెక్కలు గుర్తొస్తాయి.

ఆకులు వేసినాక, వడ్డన మొదలు కాకముందు లేచి నిలబడినాం. మొదటి పలకరింపు అవతలి ఇంటి పెద్దకే:

"అమ్మమ్మగారూ, ఇంత దూరం వచ్చినారు, మాకు శానా సంతోషం. ఒక మాట ముందే చెప్పేస్తాం. ఈ పూట మా ఇంట్లో అనపకాయ పులుసు. మీ ఊళ్లో ఆనపకాయ అంటే సొరకాయంట. ఇక్కడ అనపకాయ అంటే చిక్కుడు జాతి గింజ, కన్నడంలో అవరెకాయి. సొరకాయ ముక్కల కోసం గిన్నెలో వెతకొద్దండీ. మా తెలుగులో ఇట్లాంటివి ఇంకా ఉండాయి. అర్థం కాకపోతే పక్కన కూర్చున్న మావాళ్లను అడగండి. అందుకే ఒక మీవారు, ఒక మావారు వరసగా కూర్చోవాలని మనవి."

నవ్వులపాలైంది మా పులుసు, వాళ్ల మాట కాదు. అది కావాలనే అట్లా పెట్టినాం. మొదటి పరిచయంలో అవతలివాళ్ల యాస మీద జోకు వేస్తే నవ్వుతారు గానీ మనసులో పెట్టుకుంటారు.

అందరూ లేచి చోట్లు మారడానికి కొంచెం గందరగోళమైంది. అమ్మమ్మగారి పక్కన మా పెద్దమ్మ పడింది. మొదట ఇద్దరూ ఆకులు చూసుకుంటా ఉండిపోయినారు. పులుసు వడ్డించినాక అమ్మమ్మగారే అడిగినారు: "ఈ గింజలకు తొక్క ఏదమ్మా?"

"నీళ్లల్లో నానబెట్టి, రెండేళ్ల మధ్య పెట్టి పితకాల. పప్పు బయటికి ఎగురుతాది. దీన్నే మేము పితికిపప్పు అంటాం."

"పితుకుతారా? అయితే ఇంతమందికీ ఎంతసేపు పట్టిందీ?"

"మద్దేనం కూర్చుంటే పొద్దు గూకింది. నా వేళ్లు ఇంకా నొస్తా ఉండాయి చూడు," అని పెద్దమ్మ ఎడమచెయ్యి ఆమె ముందు పెట్టింది.