ఐదొందలు ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి: మా ట్యూషన్ల కథ

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

ఇళ్లకు వెళ్లి ట్యూషన్ చెప్పేవాళ్లు మన గ్రూపులో చాలామందే ఉన్నారు. "కొత్త పిల్లల్ని చూపించినవాళ్లకి ఎంత ఇవ్వాలి?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. ఈ విషయంలో మేము ఒకసారి చేతులు కాల్చుకున్నాం కాబట్టి రాస్తున్నాం.

మేము నలుగురం. పాడేరు, చింతపల్లి వైపు వాళ్లం. విశాఖలో మద్దిలపాలెం దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ మొహం చూసింది మేమే మొదలు. సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా ఒక్కొక్కరం రెండేసి ఇళ్లకు వెళ్తాం. ఎనిమిదికి హాస్టల్ గేటు వేసేస్తారు. ఒక్కో పిల్లవాడికి వారానికి మూడు రోజులు, నెలకు 1500 ఫీజు. అందులో 1200 పాఠం చెప్పినవాడికి, 300 ఉమ్మడి డబ్బాకి. జిరాక్సులు, ప్రశ్నపత్రాలు, ఇతర ఖర్చులన్నీ ఆ డబ్బాలోంచే.

మొదట్లో పాంప్లెట్లు పంచాం. ఒక్క ఫోన్ రాలేదు. ఎవరో ఏమిటో తెలియని కుర్రాళ్లను ఇంట్లోకి ఎవరు రానిస్తారు? మా మొదటి పిల్లవాడి అమ్మగారు పక్కింటావిడతో "మావాడికి ఈ అబ్బాయే చెబుతున్నాడు" అన్నాకే రెండో తలుపు తెరుచుకుంది. ఈ ఊళ్లో మాకు చుట్టాలు లేరు, పేరు లేదు. ఆమె మాటే మాకు గుర్తింపు కార్డు.

అలా ఆరుగురు పిల్లలు అయ్యారు. అప్పుడు మాకు తొందర పుట్టింది. ఎవరైనా పిల్లవాడిని చేర్పిస్తే, చేరిన రోజే 500 ఫోన్లో వేసేస్తామని చెప్పాం. జూన్‌లో తొమ్మిదిమంది వచ్చారు. ఐదుగురిని పాత పిల్లల అమ్మలు పంపారు, నలుగురిని హాస్టల్ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపాయన పంపాడు. మేము సంబరపడ్డాం.

నెల తిరిగేసరికి నలుగురు మానేశారు. షాపాయన పంపినవాళ్లలో ముగ్గురు, అమ్మలు పంపినవాళ్లలో ఒకరు. షాపాయన తప్పేం లేదు. ఆయనకు ఆ పిల్లలెవరో తెలియదు, జిరాక్స్‌కి వచ్చినవాళ్లందరికీ మా నంబర్ ఇచ్చాడు. ఒక ఇల్లు గాజువాకలో. బస్సులో వెళ్లి, గంట పాఠం చెప్పి, గేటు వేసే లోపు తిరిగి రావడం మా వల్ల కాలేదు.

లెక్క చూడండి. తొమ్మిదిమందికి 500 చొప్పున 4500 ఇచ్చేశాం. మొదటి నెల డబ్బాకి వచ్చింది తొమ్మిది మూడొందలు, 2700. రెండో నెల మిగిలిన ఐదుగురి నుంచి 1500. మొత్తం 4200. అంటే రెండు నెలలు తిరిగినా 300 లోటు, జిరాక్సుల ఖర్చు వేరే. ఆ లోటు పూడ్చడానికి మాలో ఒకడి 1200లో కోత పెట్టాం. పరీక్ష ఫీజు కట్టాల్సిన నెల అది. హాస్టల్ గదిలో పెద్ద గొడవే అయింది.

డబ్బు కన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. ఒక ఇంట్లో పాఠం చెబుతుంటే ఆ అమ్మగారు అడిగారు: "మిమ్మల్ని పంపినందుకు మా ఎదురింటావిడకి ఐదొందలు ఇచ్చారట కదా?" గొంతులో కోపం లేదు, అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది. మర్నాడు ఎదురింటి అమ్మగారు మమ్మల్ని పిలిచి అన్నారు: "మీ పాఠం బాగుందని చెప్పాను బాబూ. డబ్బు కోసం చెప్పానని ఆవిడ అనుకుంటోంది. ఇది వెనక్కి తీసుకోండి." ఇచ్చిన డబ్బు ఎలా తీసుకుంటాం? "పోనీ, వచ్చే నెల మీ బాబు ఫీజులో తగ్గించుకోమంటే తగ్గిస్తాం ఆంటీ, ఈ డబ్బు దానికే అనుకుందాం" అన్నాం. దానికి ఒప్పుకున్నారు. మేము ఆ విషయం రెండో ఇంటికి కూడా చెప్పాం.

కొత్త పద్ధతి అక్కడి నుంచే పుట్టింది. అదే 500. కాకపోతే రెండు ముక్కలు చేశాం, ఆలస్యం చేశాం, దాచడం మానేశాం. కొత్తగా చేరిన ఇంటికి రెండో నెల ఫీజులో 200 తగ్గిస్తాం. ఆ పిల్లవాడు మూడో నెల ఫీజు కట్టాక, చెప్పిన ఇంటికి 300 తగ్గిస్తాం. చేరిన రోజే ఇద్దరికీ ఒకే మెసేజ్ వాట్సాప్‌లో పెడతాం, ఎవరికి ఎంత తగ్గుతుందో అందులోనే ఉంటుంది. ఇక చాటున అడగాల్సింది ఏమీ లేదు.

పిల్లవాడు మొదటి నెలకే మానేస్తే మా చేతి నుంచి ఏమీ పోదు. రెండో నెలకి మానేస్తే వచ్చిన 600లో 200 పోయి 400 మిగులుతుంది. మూడో నెల దాటితే 900 వస్తుంది, 500 పోతుంది. తగ్గించేదంతా డబ్బాలోంచే, చెప్పేవాడి 1200 ముట్టుకోం. ఒక ఇంటికి నెలకు ఒక తగ్గింపే. ఇద్దరిని పంపితే రెండోది పై నెలకి వెళ్తుంది.

"ఎవరు చెప్పారండీ?" అని మొదటి ఫోన్‌లోనే అడిగి, అప్పుడే నోట్‌బుక్‌లో రాస్తాం. ఒకసారి ఒకే పాప గురించి షాపాయనా, ఒక అమ్మగారూ "నేనే చెప్పాను" అన్నారు. ఆ పాప వాళ్లమ్మ ఫోన్‌లో మొదట ఏ పేరు చెబితే అదే లెక్క అని రూలు పెట్టుకున్నాం. ఆ పేరు పక్కనే ఎన్ని నెలలు ఉన్నారో కూడా రాస్తాం. ఎవరి మాట మీద వచ్చినవాళ్లు నిలబడుతున్నారో ఆ గడి చూస్తే తెలిసిపోతుంది. షాపులో ఇప్పుడు డబ్బు మాట లేదు, నంబర్ కాగితం మాత్రం గోడకి ఉంది.

అడిగే సమయం కూడా చూసుకుంటాం. చేరిన వారానికే "ఇంకెవరైనా ఉంటే చెప్పండి" అంటే ఏం చూసి చెబుతారు? స్కూల్ పరీక్ష పేపర్ ఇంటికొచ్చి, మార్కులు పెరిగాయని వాళ్లంతట వాళ్లు అన్న రోజున అడుగుతాం. అదీ ఆ అపార్ట్‌మెంట్‌లోనో, పక్క వీధిలోనో ఉన్నవాళ్ల గురించే. మా నలుగురికీ కలిపి పదహారు మందికి మించి కుదరదు. నిండిపోతే ముందే చెప్పేస్తాం. ఆవిడ పక్కింట్లో మాటిచ్చేశాక మేము "ఖాళీ లేదు" అంటే పోయేది ఆవిడ మాట.

ఫీజు తగ్గింపు అందరికీ పనికిరాదు. ఒక అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ చేసే అక్క అడక్కుండానే ఇద్దరు పిల్లల్ని చూపించింది, ఇద్దరూ నిలబడ్డారు. ఆమెకి ఫీజే లేదు, ఏం తగ్గిస్తాం? డబ్బు ఇవ్వబోతే వద్దంది. "మా పాప ఏడో తరగతి, లెక్కలు కొంచెం చూడు తమ్ముడూ" అంది. ఆదివారం పొద్దున గంట చెబుతున్నాం. నిజం చెప్పాలంటే ఇది 300 కన్నా ఖరీదు, మా ఆదివారం పోతుంది. వెళ్లినవాడికి డబ్బాలోంచి రోజుకు 50 ఇస్తున్నాం. అయినా ఆ ఒక్క ఇంటికే, అందరికీ ఇలా చేయలేం.

ఒక చిక్కు ఇంకా తేలలేదు. మార్చిలో చేరినవాళ్లకి మూడో నెల వచ్చేలోపే ఎండాకాలం సెలవులు వచ్చేస్తాయి. చెప్పినవాళ్లకి ఏం ఇవ్వాలి? జూన్‌లో ఆ పిల్లవాడు మళ్లీ వస్తే పాత నెలలు కలిపి లెక్కిస్తాం అంటున్నాం. ఇద్దరు అమ్మలు సరే అన్నారు. ఒకావిడ మాత్రం నవ్వి, "జూన్‌కి మీరుంటారా బాబూ?" అంది. మీ దగ్గర దీనికి ఏం చేస్తున్నారో కింద రాయండి.