పిపెట్‌దా తప్పు, చేతిదా?

మా విరుదునగరం ల్యాబ్‌లో 1000 మైక్రోలీటర్ల మైక్రోపిపెట్ ఒకటి ఉంది. దాని కొలత మార్చే వీల్లేదు, ఎప్పుడూ ఒకటే. ప్రాక్టికల్‌లో రీడింగులు కుదరకపోయేసరికి అందరూ దాన్నే తిట్టారు. పక్కన పెట్టేద్దామన్నారు కూడా. కోవిల్పట్టి నుంచి రోజూ రైల్లో వచ్చే నా స్నేహితురాలు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళింట్లో వేరుశనగ మిఠాయి వ్యాపారం. "అనుమానముంటే తూచి చూడాలే, తిడితే ఏమొస్తుంది?" అంది.

డిస్టిల్డ్ వాటర్‌ను, పిపెట్‌ను, టిప్పులను రెండు గంటలు ఒకే గదిలో ఉంచాం. నీటి వేడి 30 డిగ్రీలు. ఫ్యాను ఆపేశాం. నాలుగు దశాంశాలు చూపే బ్యాలెన్స్ మీద చిన్న బీకరు పెట్టి, సున్నా చేసి, ఒక్కోసారి పోసిన నీటిని తూచాం. ఇలా పదిసార్లు.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఒక మిల్లీలీటరు నీళ్ళు సరిగ్గా ఒక గ్రాము తూగవు. 30 డిగ్రీల దగ్గర నీరు కొంచెం పలచబడుతుంది, గాలి కూడా కాస్త పైకి తేలుస్తుంది. అందుకే గ్రాముల్లో వచ్చిన అంకెను 1.0054తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. అది తెలియకపోతే మంచి పిపెట్ కూడా తక్కువ పోస్తున్నట్టే కనిపిస్తుంది.

మొదట మా క్లాసులో ఒకామె పోసింది. తూకాలు 0.976 నుంచి 1.018 గ్రాముల దాకా చెదిరిపోయాయి. తర్వాత నా స్నేహితురాలు అదే పిపెట్‌తో పోస్తే అన్నీ 0.9938, 0.9951 మధ్యే ఉన్నాయి. సగటు 0.9945. గుణిస్తే 999.9 మైక్రోలీటర్లు! ఈ సైజుకు ఐఎస్ఓ 8655 ప్రమాణం అటూ ఇటూ 8 మైక్రోలీటర్ల తేడా ఒప్పుకుంటుంది. పిపెట్ బాగానే ఉంది.

మరి మొదటామె చేతిలో ఏం జరిగింది? పక్కన నిలబడి చూశాం. నీళ్ళు పీల్చే ముందు ప్లంజర్‌ను ఫస్ట్ స్టాప్ దగ్గర ఆపకుండా ఒక్కోసారి ఇంకాస్త లోపలికి నొక్కుతోంది. అప్పుడు ఎక్కువ నీళ్ళు వస్తాయి. ఒక్కోసారి బొటనవేలు టక్కున వదిలేస్తోంది. అప్పుడు గాలిబుడగ దూరి తక్కువొస్తుంది. కొత్త టిప్‌ను రెండు మూడుసార్లు నీళ్ళతో తడపడం లేదు. పొడి టిప్‌లోని గాలిలోకి నీరు ఆవిరయ్యి, మొదటి కొలతలు తగ్గుతాయి. పిపెట్‌ను వాల్చి పట్టి పీల్చినా కొలత మారుతుంది.

తూకాలు చెదిరితే ముందు చేతిని చూడాలి. ఇద్దరు ముగ్గురు జాగ్రత్తగా పోసినా అన్నీ ఒకే వైపు తగ్గితే పిపెట్‌ను అనుమానించాలి. నీళ్ళు పీల్చి, నిలువుగా 20 సెకన్లు పట్టుకుంటే, టిప్ కొసన బొట్టు వేలాడుతుందా? అయితే ఎక్కడో గాలి దూరుతోంది. మా పిపెట్‌కు బొట్టు వేలాడలేదు. అది మళ్ళీ స్టాండుకెక్కింది.