వానలు వెళ్ళినా వదలని వేళ్ళ సందుల దురద

తడింజ్యు పున్నమికి యాంగన్‌లో దీపాలు వెలిగేసరికి వానలు దాదాపు వెనక్కు తగ్గుతాయి. మే నెల నడుమ నుండి అక్టోబరు దాకా గొడుగు కింద బతికిన మనం ఇక హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన సంఘ సభ్యులు ఒకరి తర్వాత ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి, కాస్త మొహమాటంగా, "డాక్టరుగారూ, కాలి వేళ్ళ మధ్య తోలు ఊడుతోందండీ, రాత్రిళ్ళు దురద ఆగడం లేదు" అంటారు. మొహమాటం ఎందుకండీ? కిందటేడు ఆ దురద మాకే వచ్చింది. వైద్యం చదువుకున్న మేమే దాన్ని ఎలా చెడగొట్టుకున్నామో చెబుతాం.

ఎడమకాలి చిటికెన వేలికీ, దాని పక్క వేలికీ మధ్య మొదలైంది. ఈ జబ్బు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ రెండు వేళ్ళూ బాగా ఒత్తుకుని ఉంటాయి, గాలి దూరదు. చర్మం తెల్లగా నానిన అటుకుల్లా అయింది. సాయంత్రం మేజోళ్ళు విప్పగానే దురద. మన ఊళ్ళలో నాట్లు వేసే ఆడవాళ్ళు "కాళ్ళు పాసిపోయాయి" అంటారు గదా, అదేననుకుని నాలుగు రోజులు ఊరుకున్నాం. ఆ పాయడం ఒట్టి తడివల్ల వచ్చేది, పొడిగా ఉంచితే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మాది తగ్గలేదు.

అప్పుడు చేశాం తెలివితక్కువ పని. ఇండియానుండి వస్తూ తెచ్చుకున్న ట్యూబు ఒకటి పెట్టెలో ఉంది. అందులో మూడు మందులు కలిసి ఉన్నాయి: బూజుమందు, యాంటీబయాటిక్, వాటితోపాటు ఘాటైన స్టెరాయిడ్. రాసిన రెండో రోజుకే దురద మాయం. అయిదో రోజుకు మానేశాం. రెండు వారాలు తిరిగేసరికి అరికాలి పక్కకు ఎర్రటి అంచుతో పాకింది, కుడికాలికీ వచ్చింది. మా శ్రీమతి చూసి, "రోగులకు చెప్పే మాటలు మీ కాళ్ళకు వర్తించవా అండీ?" అన్నది. మేము మారుమాట్లాడలేదు.

జరిగిందేమంటే, స్టెరాయిడ్ మన శరీరం చూపే ఎరుపునూ దురదనూ అణచివేస్తుంది, బూజును చంపదు. పైగా ఆ బూజును ఎదిరించే మన చర్మపు శక్తినే నిద్రపుచ్చుతుంది. పైకి తగ్గినట్టుంటుంది, లోపల పాకుతుంటుంది. పాకినది కూడా తామర పోలికలు పోగొట్టుకుని, చూసే డాక్టరునే బోల్తా కొట్టిస్తుంది. మన దేశంలో ఇటువంటి ట్యూబులు చీటీ లేకుండా వాడి వాడి మొండి తామరలు తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. మామూలు మందుకు లొంగని తామర బూజు రకాలు కూడా అక్కడ ఇప్పుడు కనిపిస్తున్నాయి.

ఇక ఊహలు కట్టిపెట్టి పరీక్ష చేశాం. పొలుసు ఊడుతున్న అంచున మొద్దు బ్లేడుతో కొంచెం గోకి, గాజుపలక మీద వేసి, పదిశాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, ఇరవై నిమిషాలు ఆగి సూక్ష్మదర్శినిలో చూస్తే, చర్మకణాలు కరిగి, వాటి మధ్య కొమ్మలు వేసిన సన్నని దారాలు కనిపించాయి. బూజే. ఎక్కువగా ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే రకం ఈ పని చేస్తుంది. ఇది మొదట ఈ ఆగ్నేయాసియా వైపుదేననీ, వట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళకు పాదాల జోలికి అంతగా పోయేది కాదనీ, బూట్లు తొడుక్కున్న దొరలు వచ్చాక వాళ్ళ వేళ్ళ సందుల్లో కాపురం పెట్టి ప్రపంచమంతా చుట్టిందనీ చెబుతారు. కోరంగి రేవునుండి ఓడెక్కి రంగూన్ రేవులో బస్తాలు మోసిన మన పూర్వులకన్నా, నైలాన్ మేజోళ్ళతో ఆఫీసుకు పోయే మనమే దానికి మంచి అతిథేయులం.

మందు సంగతి. టెర్బినాఫిన్ ఒక శాతం క్రీము తీసుకున్నాం. వేళ్ళ సందులకు రోజుకు రెండుసార్లు ఒక వారం, అరికాలి పక్కకు పాకిన చోట రెండు వారాలు. ఒక్క సందుకే కాదు, రెండు పాదాల అన్ని సందులకూ, మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు వరకూ పలుచగా. మందంగా పూస్తే సందు మళ్ళీ నానుతుంది. టెర్బినాఫిన్ దొరకకపోతే క్లోట్రిమజోల్ ఒక శాతం కూడా పని చేస్తుంది, కాని నెల రోజులు ఓపిక పట్టాలి. ఏదైనా, దురద పోయిన రోజున ఆపకూడదు. దురద ముందు పోతుంది, బూజు తర్వాత పోతుంది.

అయితే తడి కాలికి రాసిన క్రీము దండుగ. స్నానం తర్వాత పాత నూలుగుడ్డ పీలికను ఒక్కొక్క సందులో దూర్చి ఒత్తి తీసేవాళ్ళం, రుద్దకుండా. పది నిమిషాలు ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని, కరెంటు పోతే విసనకర్రతో, ఆరాకే మందు. ఆ గుడ్డను ఒంటికి వాడలేదు. ముందు మేజోళ్ళు తొడుక్కుని ఆ తర్వాతే లోదుస్తులు వేసుకునేవాళ్ళం, ఎందుకంటే కాలి బూజు బట్టకు అంటి గజ్జల్లోకి ఎక్కుతుంది. బూట్లు రెండు జతలు. ఒక రోజు వేసుకున్నది మర్నాడు పాత వార్తాపత్రిక కుక్కి ఎండలో. ఊడిన పొలుసుల్లో బూజు నెలల తరబడి బతుకుతుంది కాబట్టి బాత్రూము చెప్పులు ఇంట్లో ఎవరివి వారికే.

అన్నీ బూజు కావని కూడా చెప్పాలి. దురద పెద్దగా లేకుండా గోధుమరంగు మచ్చగా ఉంటే ఒక రకం బ్యాక్టీరియా కావచ్చు. ఉడ్స్ దీపం కింద అది పగడంలా ఎర్రగా మెరుస్తుంది, దానికి ఈ క్రీము పనికిరాదు. వేళ్ళ సందులు బాగుండి పైభాగంలో దద్దు వస్తే చెప్పుల తోలునో, రబ్బరునో అనుమానించండి. సందు చిమచిమలాడుతూ కంపు కొట్టి రసి కారుతుంటే, పొటాషియం పర్మాంగనేటు పది లీటర్లకు ఒక గ్రాము చొప్పున, లేత గులాబీ రంగు నీళ్ళలో పదిహేను నిమిషాలు, రెండు మూడు రోజులు పెట్టి ఎండిన తర్వాతే క్రీము. గోళ్ళకు గోధుమరంగు అంటుతుంది, భయపడొద్దు. గోరే పసుపుపచ్చగా మందమైతే మాత్రం పైపూత లాభం లేదు. మాత్రలు, అవీ కాలేయం పరీక్ష చేయించుకుని.

షుగరు ఉన్నవారికి మా మాట వేరు. మా వీధిలో ఒక పెద్దాయన సందులో చిన్న పగులును లెక్కచేయలేదు. మూడో రోజుకు పాదం ఎర్రగా వాచి, వేడెక్కి, జ్వరం. ఆ పగులులోంచి సూక్ష్మజీవులు లోపలికి పోయాయి. సూదిమందులతో ఆసుపత్రిలో వారం ఉండి బయటపడ్డారు. అటువంటి ఎరుపు పైకి పాకుతుంటే ఆ పూటే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మాది మూడో వారానికి మామూలు చర్మమయింది. తర్వాత ష్వేడగోన్ దర్శనానికి వెళ్ళినప్పుడు వాన తుంపరలో పాలరాయి నేల తడిగా ఉంది. అక్కడ బూట్లూ మేజోళ్ళూ విప్పక తప్పదు గదా. దిగి వచ్చాక తడికాళ్ళతోనే మేజోళ్ళు ఎక్కించబోతుంటే, మా శ్రీమతి సంచిలోంచి ఆ నూలు పీలికలు తీసి చేతిలో పెట్టింది. మెట్ల పక్కన కూర్చుని, పది సందులూ, కాదు ఎనిమిదే, ఒత్తుకున్నాం.