తువ్వాళ్ల దుకాణం ఫోనులో పెట్టినప్పుడు

సోలాపూర్‌ల సాంచాల మీద ముప్పై ఏండ్లకు పైగా పని చేసినవాణ్ణి. ఇప్పుడు ఇంటి ముందటి గదిలనే తువ్వాళ్లు, నాప్కిన్లు, చద్దర్లు అమ్ముతున్న. చదివింది నాలుగో తరగతి. మన పత్రిక చదివే ఇండ్లల్ల నాలాగ చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్లు, ఇంట్ల పచ్చళ్లు చేసి అమ్మేటోళ్లు మస్తుమంది ఉన్నరు. వాళ్లకు పనికొస్తదని వాట్సాప్ బిజినెస్ పెట్టుకున్న సంగతి రాస్తున్న.

ఫోనుల గిరాకి అడిగేవి నాలుగే మాటలు. సైజు ఎంత, ధర ఎంత, దుకాణం ఎక్కడ, మా ఊరికి పంపుతరా. నాది ఒక్క వేలితోని టైపు చేసే పని. నేను ఒకరికి జవాబు రాసేలోపల ఇంకొకరు వేరే దుకాణాన్ని అడుగుతరు. ఈ ఊర్ల తువ్వాళ్లు అమ్మేది నేనొక్కణ్ణే కాదు గదా.

మొదలు నంబరు సంగతి తేల్చుకోవాలె. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌ల, బిజినెస్ వాట్సాప్‌ల రెండింట్ల నడవదు. దుకాణం బోర్డు మీద ఉన్న నా నంబరునే గిరాకికి ఎరుక. అందుకని దాన్నే బిజినెస్‌కు మార్చినం. చుట్టాల గ్రూపులన్నీ మా ఇంటామె ఫోనుకు పోయినయి. మార్చేముందు పాత మాటలు, ఫొటోలు బ్యాకప్ తీసిపెట్టింది మా మనుమరాలు.

తరువాత ప్రొఫైలు. దీంట్ల ఎప్పుడూ మారనివే రాయాలె. దుకాణం పేరు, ఏం అమ్ముతమో ఒక్క ముక్క, చిరునామా, తెరిచే వేళలు. చిరునామాల గల్లీ పేరు ఒక్కటే రాస్తే బయటి ఊరోళ్లకు దొరకదు. మ్యాపుల గుర్తు పెట్టి, పక్కనున్న గుడి పేరు కూడా రాసినం. వేళలు పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది, గురువారం బంద్ అని పెట్టినం. వేళలు సరిగా పెడితేనే, దుకాణం మూసినప్పుడు దానంతటది పోయే జవాబును ఆ వేళల ప్రకారం పెట్టుకోవచ్చు.

ఎక్కువ పని కేటలాగుది. Business tools అనే చోట Catalog అని ఉంటది. ఒక్కో సరుకుకు ఫొటో, పేరు, ధర, వివరం పెట్టాలె. పెట్టంగనే కనబడదు, వాళ్లు చూసి ఒప్పుకున్నంకనే గిరాకికి కనబడతది.

ఫొటోల దగ్గర నేను సాంచా పనోణ్ణి గాబట్టి ఒక సంగతి చెప్పిన. ట్యూబులైటు కింద తీస్తే మెరూన్ రంగు మట్టిరంగు లెక్క వస్తది. రంగు వేరే వచ్చిందని సరుకు వాపసు వస్తే పోనురాను కిరాయి మన మీదనే పడతది. అందుకే పొద్దుటి పూట గడప దగ్గర, ఎండ నేరుగా పడని చోట తీసినం. మొదటి ఫొటో మడత విప్పి మొత్తం తువ్వాలు, రెండోది అంచు, మూడోది దారపు ఉంగరాలు కనబడేటట్లు దగ్గర నుంచి. జాబితాల కనబడేది మొదటి ఫొటోనే.

వివరంల "మంచి క్వాలిటీ" అని రాస్తే ఏం లాభం? అందరూ అదే రాస్తరు. మేము కొలిచి రాసినం. తెల్ల టర్కీ తువ్వాలు, 30 ఇంచుల వెడల్పు, 60 ఇంచుల పొడుగు, బరువు 400 గ్రాములు. తువ్వాలు దళసరిగ ఉన్నదా పలుచగ ఉన్నదా అన్నది ఫొటోల తెలువది, బరువే చెప్తది. కాంటా మీద పెట్టి తూచిన గ్రాములు చూస్తే తెలిసిన గిరాకి ఇంక అడగడు.

ధర కాడ మా ఇంట్ల చర్చ అయింది. డజన్ల లెక్కన కొనేటోళ్లకు ఇచ్చే ధర కూడా కేటలాగుల పెడదామన్నది మనుమరాలు. "వద్దు బిడ్డా, దీన్ని ఎవరైనా చూస్తరు. ఒక్క తువ్వాలు కొనేటోడు కూడా డజను ధరకే అడుగుతడు" అన్న. అప్పుడామె, "అయితే తాతా, కేటలాగుల ఒక్కదాని ధర పెడదాం. ఠోకు ధర క్విక్ రిప్లైల దాచిపెడదాం, అడిగినోళ్లకే పోతది" అన్నది. అట్లనే చేసినం. ఒక్కటి 160 రూపాయలు కేటలాగుల. రెండు డజన్లు దాటితే ఒక్కోటి 140, అది క్విక్ రిప్లైల.

క్విక్ రిప్లై అంటే ముందే రాసిపెట్టుకున్న జవాబు. Quick replies అన్న చోట జవాబు రాసి, దానికి చిన్న గుర్తు పేరు పెట్టాలె. మావి మూడు:

```
/patta
/thok
/rawana
```

మొదటిది చిరునామా, రెండోది డజన్ల ధర, మూడోది సరుకు పంపే పద్ధతి. రాసే చోట ముందు గీత కొడితే మూడూ పైకి వస్తయి, కావలసింది నొక్కుతే మొత్తం జవాబు రాసే చోట వచ్చి కూసుంటది. దానంతటది పోదు. మనం పంపు గుర్తు నొక్కితేనే పోతది. అదే మంచిది. పంపేముందు గిరాకి పేరు కలపొచ్చు, ఒక మాట తీసేయొచ్చు. మా గిరాకిల సగం మంది మరాఠీ వాళ్లు, అందుకే జవాబులు మరాఠీల రాయించినం. మన తెలుగోళ్లయితే నేను ఫోను చేసే మాట్లాడుత.

ఇది ఎట్ల పని చేసిందో ఒక్క బేరంతోని చెప్త. ఆషాఢ ఏకాదశికి ముందు పండరపురం నుంచి ఒక లాడ్జి ఆసామి తెల్ల తువ్వాళ్లున్నయా అని అడిగిండు. కేటలాగుల నుంచి తెల్ల తువ్వాలే పంపిన. ఫొటోలు, కొలత, బరువు ఒక్కసారే పోయినయి. నాలుగు డజన్లకు ఎంత అన్నడు. /thok నొక్కి, చివర 48 తువ్వాళ్లు, 6,720 రూపాయలు అని చేతితో రాసిన. ఎట్ల పంపుతరు అన్నడు. /rawana నొక్కిన. 48 తువ్వాళ్లంటే 19 కిలోల పైచిలుకు. కిరాయి బరువును బట్టి, అది వేరే అని దాంట్ల ముందే రాసి ఉంది గాబట్టి కిరాయి మీద పంచాయితి రాలేదు. మొత్తం మాట పది నిమిషాలల్ల అయింది. పాత పద్ధతిల నాకు పూట పట్టేది.

ఒక్క కాడ మాత్రం జాగ్రత్త కావాలె. నూలు ధర పెరిగితే మన ధర మారుతది. అప్పుడు కేటలాగుల మార్చినంత మాత్రాన క్విక్ రిప్లై మారదు. అది పాత ధరే మోసుకపోతది, మనం చూసుకోకుంట పంపితే ఆ ధరకే ఇయ్యాలె. ఇప్పటికే పంపిన జవాబు కూడా గిరాకి ఫోనుల అట్లనే ఉంటది, రెండు నెలలైనంక తీసి చూపిస్తడు. అందుకే ఒక్కొక్క ధరను ఒక్క చోటనే రాసినం. చిల్లర ధర కేటలాగుల తప్ప ఇంకెక్కడా లేదు, ఠోకు ధర /thok ల తప్ప ఇంకెక్కడా లేదు. ఆ జవాబు చివర "ఈ నెల ధర" అని నెల పేరు కూడా రాస్తం. ఒకటో తారీఖున కొత్త నూలు ధర తెలుసుకొని, ఆ రెండు చోట్లు తెరిచి చూసుకుంటం. అయిపోయిన రంగు ఉంటే కేటలాగుల దాచిపెడతం, తీసేయం. సరుకు వచ్చినంక మళ్లా తెరిస్తే సరిపోతది, ఫొటోలు కొత్తగ తీసే పని ఉండదు.

లాడ్జి ఆసామి సరుకు అందినంక ఒక తువ్వాలు తూచి చూసుకున్నడంట. దీపావళికి ఇంక రెండు డజన్లు కావాలన్నడు.