జవాబు ఏ భాషలో?

2011లో మా గూడెం శ్మశానం కొలతల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు రాసింది నేనే. సంతకం పెద్దనాన్నది. ‘అయ్యా, మా శ్మశానం సర్వే రిపోర్టు, స్కెచ్, సబ్ డివిజన్ కాపీలు ఇప్పించగలరు’ అని. సర్వే, స్కెచ్ లాంటి మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. హాస్టల్లో చదువుతున్న పిల్లోణ్ణి కదా, ఆఫీసోళ్లకు మన చదువు కనపడాలని కూడా రాశాను. అబద్ధమెందుకు!

జవాబు మొత్తం ఇంగ్లీషులో వచ్చింది. కింద గుండ్రటి ముద్ర. ముద్ర చూసి పని అయిపోయిందనుకున్నాడు పెద్దనాన్న. కాయితం మడిచి చూరులో దోపాడు. నలభై రోజులకి నేనింటికొచ్చి చదివితే తెలిసింది: ఫైలు దొరకలేదంట, అభ్యంతరముంటే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలంట.

ఆఫీసుకు పోయి అడిగా. ‘నువ్వే సగం ఇంగ్లీషులో రాశావు కదయ్యా, వచ్చనుకున్నాం’ అన్నాడు గుమాస్తా. నేను రాసిన నాలుగు మాటలు పెద్దనాన్న నోటికి ఎట్లా అంటుకున్నాయో చూడండి.

చట్టం తిరగేశాను. 6(1) ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో ఆ ప్రాంతపు అధికార భాషలోనో పెట్టుకోవచ్చు. జవాబు ఏ భాషలో ఇవ్వాలో అక్కడ లేదు. రాజ్యాంగం 350వ అధికరణం కూడా అంతే, మొర పెట్టుకునే భాష గురించే చెబుతుంది. హిందీలో రాసినోడికి మాత్రం కేంద్ర ఆఫీసులు హిందీలోనే జవాబివ్వాలని 1976 నాటి నిబంధనల్లో ఉంది. రెండు భాషలు కలిపి రాసినోడి సంగతి ఎవడికి పట్టింది? చెప్పని చోట గుమాస్తా చేతికి అలవాటైన భాషే జవాబు భాష.

గడువు దాటినా తగిన కారణముంటే అప్పీలు తీసుకోవచ్చని 19(1)లో ఉంది. అదే పట్టుకున్నాం. ‘జవాబు నాకు చదవరాని భాషలో వచ్చింది, గడువున్న సంగతే తెలియలేదు’ అని పెద్దనాన్న చెప్తుంటే ఉన్నదున్నట్టు రాశాను. సర్వే అన్న మాటను ఈసారి తెలుగు అక్షరాల్లోనే పెట్టా. అడుగున విడిగా ఒక వాక్యం: ‘జవాబు తెలుగులో ఇప్పించగలరు.’

అప్పీలు తీసుకున్నారు. దొరకలేదన్న ఫైలు దొరికింది. పైన ఉత్తరం తెలుగులో, లోపలి స్కెచ్ మీద రాతలు ఇంగ్లీషులో. పాత రికార్డు ఏ భాషలో ఉంటే ఆ నకలే ఇస్తారంట, ఆ వాక్యం అక్కడిదాకా పనిచెయ్యలేదు.

పెద్దనాన్న ఉత్తరం కూడబలుక్కుని చదువుకున్నాడు. తర్వాత స్కెచ్ నేల మీద పరిచి, గీత మీద వేలు పెట్టి, ‘ఇది వాగు. ఇది మీ తాతను పెట్టిన చోటు. ఆసామి కంచె దీనికి ఇవతలుందిరా’ అన్నాడు.