గడువు పెట్టేముందు లెక్క వేద్దాం

ఈసారి కార్తీక వనభోజనానికి సురుటుపల్లి, నాగలాపురం వెళ్దామని కమిటీలో అనుకున్నాం. ముందుగా డబ్బు కట్టేవారికి తగ్గింపు ఇవ్వాలా, ఇస్తే ఎంత, గడువు ఏ రోజు పెట్టాలి అన్న లెక్క నాకు అప్పజెప్పారు. ఆ లెక్క మీ అందరి ముందూ పెట్టడానికే ఇది రాస్తున్నాను. నేను బడిలో చదివింది తమిళ మాధ్యమం. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్నవి. రాతలో తప్పులుంటే సర్దుకోండి, లెక్కలో ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి.

గడువు గురించి నాకు తెలిసిందంతా రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో తెలుసుకున్నదే. అక్కడ ఎవరినీ తొందరపెట్టే పని ఉండేది కాదు. 42 బెర్తులు ఖాళీ ఉంటే స్క్రీన్ మీద 42 అనే కనబడుతుంది. పక్క కౌంటర్లో ఒకరు రెండు టికెట్లు తీసుకుంటే అది 40 అవుతుంది. మనిషి ఆ అంకె చూసి తనే నిర్ణయించుకుంటాడు. పండగ ముందు జనం తెల్లవారుజామునే వచ్చి నిలబడేవారంటే ఆ అంకె మీద నమ్మకంతోనే. ఖాళీలుండగా మేము 'నాలుగే ఉన్నాయి' అని ఒక్కసారి చెప్పి ఉంటే, మర్నాటి నుంచి మా మాట ఎవరు వింటారు?

మనకు ఇంకా దగ్గర ఉదాహరణ ఇంటిపన్ను. అంబత్తూరు 2011లో చెన్నై కార్పొరేషన్లో కలిసింది కాబట్టి మనమంతా వాళ్ళకే కడుతున్నాం. అర్ధ సంవత్సరానికి ఒకసారి కట్టే పన్ను ఇది. ఏప్రిల్లో, అక్టోబరులో మొదటి నెలలోపు కడితే 5 శాతం రాయితీ ఉంది, 5000 రూపాయలకు మించకుండా. అర్ధ సంవత్సరానికి 3000 కట్టే ఇంటికి 150 రూపాయలు మిగులుతుంది. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా మన వీధిలో చాలామంది ఆ నెలలోనే కట్టేస్తారు. ఎందుకంటే తేదీ ముందే తెలుసు, ఎంత తగ్గుతుందో తెలుసు, నెల దాటితే అది ఉండదనీ తెలుసు. కార్పొరేషన్ వైపునా కారణం ఉంది. చెత్త ఎత్తడానికీ దీపాలు వెలగడానికీ డబ్బు ఏడాది చివర వస్తే లాభం లేదు. ముందే చేతికొస్తే వాళ్ళకు ఉపయోగం, ఆ ఉపయోగంలో కొంత మనకు తిరిగి ఇస్తున్నారు.

నా ఉద్దేశంలో ముందస్తు తగ్గింపు అంటే ఇదే. ముందు కట్టినందువల్ల అవతలివారికి నిజంగా ఏదో మిగలాలి. మిగిలినదాంట్లోంచే తగ్గింపు రావాలి. ఆడి తళ్ళుబడి కూడా అలా పుట్టిందే. ఆడి మాసంలో పెళ్ళిళ్ళుండవు, బట్టల కొట్లో బేరం ఉండదు, పాత సరుకు వదిలించుకోవాలి. కారణం ఉంది కాబట్టి తగ్గింపూ నిజం. అదే కొట్టువాడు నెల ముందు ధర పెంచి, ఆడిలో పాత ధరకే అమ్మి 'తగ్గించాం' అంటే అది వేరే సంగతి.

మన యాత్రకు వద్దాం. ముందు కట్టినందువల్ల మనకు ఏం మిగులుతుంది? బస్సు బాడుగ. కార్తీకం ఆదివారాలకు బస్సులు గిరాకీ. దానికి తోడు నవంబరు మధ్య నుంచి అయ్యప్ప స్వాములు బస్సులు మాట్లాడుకుంటారు. మనం ఊత్తుకోట దాటి ఆంధ్రలోకి వెళ్తాం కాబట్టి బస్సుకు ఆ రాష్ట్రం పర్మిట్, పన్ను కూడా ముందే కట్టించాలి. మన బస్సు యజమాని చెప్పినదాని ప్రకారం, అక్టోబరు 12లోపు అడ్వాన్సు ఇస్తే 49 సీట్ల బస్సు పర్మిట్‌తో కలిపి 16,000. తర్వాత అయితే 19,000. రెండు బస్సులకు తేడా 6,000. మన తగ్గింపు పుట్టేది ఈ ఆరువేలలోంచే.

రెండు బస్సుల్లో 98 సీట్లు. వంటవాళ్ళకూ గిన్నెలకూ 8 పోతే మనకు 90. భోజనం, టిఫిను మనిషికి 230 చొప్పున 20,700. తోట శుభ్రం, తాగునీరు, చిల్లర ఖర్చులు 2,500. ముందే మాట్లాడిన బస్సులు 32,000. మొత్తం 55,200. ఆలస్యంగా మాట్లాడితే 61,200, అంటే మనిషికి 680 పడుతుంది.

కాబట్టి మామూలు ధర 675 పెట్టాను. ముందు కట్టేవారికి 75 తగ్గించి 600. ఈ 675 అన్నది తగ్గింపు గొప్పగా కనబడాలని పెంచి రాసిన అంకె కాదు. ఆలస్యమైతే నిజంగా పడే 680కి అయిదు తక్కువే. ఎవరు ఎప్పుడు తగ్గింపు ప్రకటించినా మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: తగ్గింపు లేని ధరకు అసలు ఎవరైనా కొంటున్నారా?

ఇక్కడ ఒక చిక్కుంది. తొంభై మందీ ముందే కట్టేస్తే వచ్చేది 54,000, ఖర్చు 55,200. సంఘానికి 1,200 నష్టం. మరి ఎంతమంది వరకు ఇవ్వగలం? అందరూ 675 కడితే 60,750 వస్తుంది. అందులో ఖర్చు పోను మిగిలేది 5,550. దాన్ని 75తో భాగిస్తే 74. చేతిలో కాస్త ఉండాలని 70 అన్నాను. అంటే '600 ధర మొదటి 70 మందికే' అని మనం రాస్తే అది కల్పించిన కొరత కాదు, లెక్కలో తేలిన హద్దు. ఆ హద్దు నిజమని తెలియాలంటే ప్రతి సాయంత్రం '70లో 43 అయ్యాయి' అని అంకె పెట్టాలి. పేర్లు అక్కరలేదు, రసీదు నంబరు చాలు. 43 ఉన్నప్పుడు 65 అని రాయకూడదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, వేరే చోట ఒక యాత్రలో జరిగింది చూశాను. ఊరు పేరు, సంఘం పేరు అనవసరం. 'ఆరు సీట్లే మిగిలాయి, ఈ రాత్రే ఆఖరు' అని సందేశం పంపారు. పింఛను మీద బతికే ఒక పెద్దావిడ పక్కింట్లో చేబదులు తీసుకుని రాత్రి తొమ్మిదింటికి వచ్చి కట్టారు. బయలుదేరే రోజు బస్సులో ఇరవై సీట్లు ఖాళీ. ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. నా పక్కన కూర్చుని, "ఉన్నాయని చెప్పినా నేను వచ్చేదాన్నే కదా నాయనా, అప్పు లేకుండా వచ్చేదాన్ని" అన్నారు. ఆ తర్వాత ఆ సంఘం పిలిచిన దేనికీ ఆవిడ వెళ్ళలేదు. ఇలాంటి పనిని పెద్ద కంపెనీలు చేసినా తప్పే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మోసపు పద్ధతులు పదమూడింటిని జాబితా వేసి నిషేధించింది. అందులో మొదటిదే దొంగ తొందర.

ఇక తేదీ. గడువు నెలాఖరున పెట్టడం చాలామందికి అలవాటు. అది జీతగాళ్ళకు శిక్ష. మన ఇండస్ట్రియల్ ఎస్టేట్లో చాలా యూనిట్లలో జీతం ఏడో తేదీకల్లా పడుతుంది. 28న గడువు పెడితే వాళ్ళ చేతిలో డబ్బుండదు. కట్టాలని ఉన్నా కట్టలేని మనిషికి తగ్గింపు పోయిందంటే అది అన్యాయం. అందుకే అక్టోబరు 10 అనుకున్నాం. పింఛను వచ్చి ఉంటుంది, జీతం వచ్చి ఉంటుంది, బస్సు అడ్వాన్సుకు ఇంకా రెండు రోజులుంటుంది.

మరీ ముందుగా మొదలుపెట్టడం కూడా మంచిది కాదు. రైల్వేలో 120 రోజుల ముందు రిజర్వేషన్ ఉండేది. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 చేశారు. 61 నుంచి 120 రోజుల ముందు చేసుకున్నవాటిలో సుమారు 21 శాతం రద్దవుతున్నాయని రైల్వే శాఖే కారణం చెప్పింది. అంత ముందు రాసే పేరు ఊహ మీద రాసే పేరు. కాబట్టి మనం సెప్టెంబరు 20న మొదలుపెడితే చాలు, మూడు వారాలు వస్తాయి.

రెండో గడువు వంట కోసం. యాత్ర ఆదివారమైతే ముందు మంగళవారం రాత్రికి తలలెక్క ఆఖరు. వంటమాస్టరు బుధవారం సరుకుల చీటీ రాస్తాడు, శుక్రవారం కూరగాయలు దింపుతాడు. ఈ సంగతి ప్రకటనలోనే రాద్దాం. కారణం రాసిన గడువును మనుషులు గౌరవిస్తారు. వట్టి 'త్వరపడండి' అన్నమాట గోడ మీద సినిమా పోస్టరులా చూసి వదిలేస్తారు.

పదో తేదీ దాటాక మరో మూడు రోజులు పొడిగిద్దామని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పొడిగించకూడదు. పొడిగిస్తే టైముకు కట్టినవాళ్ళే తెలివితక్కువవాళ్ళవుతారు, వచ్చే ఏడు వాళ్ళూ ఆగుతారు. జనం మన తేదీని నమ్ముతున్నారో లేదో రసీదు పుస్తకమే చెబుతుంది. తేదీకి ముందు రెండు రోజుల్లో రసీదులు గుమిగూడితే నమ్మినట్టు. తేదీ దాటిన మర్నాటి నుంచి గుమిగూడితే, గడువు ఎలాగూ జరుగుతుందని వాళ్ళకు ముందే తెలుసన్నమాట.

నిజంగా ఇబ్బందిలో ఉన్నవారి సంగతి వేరు. వాళ్ళు కోశాధికారితో ఒక్క మాట చెబితే చాలు, 675లో ఎంత వీలైతే అంత కట్టవచ్చు, మిగతాది సహాయ నిధి నుంచి సర్దుతాం. అది సాయం, గడువు పొడిగింపు కాదు.

ఒకవేళ పదో తేదీకి 40 మందే కడితే? అప్పుడు ఒక్క బస్సే ఖాయం చేస్తాం. ఆ బస్సులో మిగిలే 3,000 ఆ నలభై మంది తగ్గింపుకు సరిగ్గా సరిపోతుంది. రెండో బస్సు తర్వాత వచ్చే పేర్లను బట్టి, అప్పటి బాడుగకే. ఈ మాట కూడా ప్రకటనలో ఉండాలి. సీట్లు నిజంగా తగ్గే అవకాశం ఉన్నప్పుడు దాన్ని చెప్పకుండా దాచడమూ తప్పే.

లెక్కల కాగితం, బస్సు యజమాని ఇచ్చిన కొటేషను రెండూ వచ్చే ఆదివారం సమావేశానికి తెస్తాను. వంట రేటు తక్కువకు చేసేవారు ఎవరికైనా తెలిస్తే ఆలోపే చెప్పండి. మనిషికి పది రూపాయలు తగ్గినా 70 అన్న హద్దు 80 దాటుతుంది.